కట్లపాముకు బంగారు పేరు

చెట్ల పేర్లూ చేపల పేర్లూ ఎన్ని ఉన్నా, ఈ పూట పాముల పేర్లతోనే సరిపెట్టుకుంటాను.

ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద బొమ్మల పుస్తకం వేశాడు. చాలా పాములకు జనం నోట విన్న పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీల పాముకు ‘బంగారు పాము’, రక్తపింజరకు ‘కటుక రేకుల పొడ’ అని. ఆ రెండో పేరు శాస్త్రంలోకి పోలేదు. మరుసటి ఏడాదే ఆ పాము రసెల్ పేరు తగిలించుకుంది. మొదటిది నిలిచింది. 1803లో ఫ్రెంచివాడు డోదెన్ దానితోనే ‘బంగారస్’ అనే ప్రజాతిని ఏర్పరిచాడు.

మన ఇళ్లలో కనిపించే కట్లపాము కూడా ఆ ప్రజాతిలోదే. అందుకే నీలినలుపు ఒంటిమీద తెల్లటి సన్నగీతలున్న ఆ ప్రాణి లాటిన్‌లో ‘బంగారస్ సెరూలియస్’ అయి కూర్చుంది. పసుపు పిసరంత లేదు! లాటిన్ పేరు పామును వర్ణించాలన్న నియమం లేదు. ముందు ప్రకటించిన పేరుదే హక్కు, పొసగకపోయినా అదే ఉంటుంది.

జనం పేరు అలా కాదు. కంటికి కనిపించిందే పేరు. కట్లుంటే కట్లపాము. కృష్ణా లంకల్లో చీకట్లో చూసినవాడికి అంతకంటే తీరిక ఉండదు. దాంతో ఇంటి గోడల్లో తిరిగే, విషంలేని లైకోడాన్ ఆలికస్ కూడా ఆ పేరు కిందికే వచ్చేస్తుంది. తేడా ఉంది. లైకోడాన్‌కు పట్టీలు మెడ దగ్గరే మొదలై, తోకవైపు పోనుపోను మాసిపోతాయి. అసలు కట్లపాముకు ముందుభాగంలో గీతలు ఉండీ లేనట్టుంటాయి, వెనక్కి పోయేకొద్దీ తేటపడతాయి. దాని వెన్ను మధ్య వరుస పొలుసులు పెద్దవి, ఆరు పలకలవి. చచ్చిన పాములో అయితే ఇవన్నీ చూడటం సులువే, పాకుతున్నదానిలో చూడబోవడం ప్రాణాంతకం.

పేరు తెలియకపోతే మందు ఆగుతుందా? ఆగదు. మన దేశపు సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. డాక్టరు చూసేది లక్షణాలు. కనురెప్పలు వాలుతున్నాయా, గాజుగొట్టంలో పోసిన రక్తం ఇరవై నిమిషాల్లో గడ్డకట్టిందా అని. కట్లపాము కాటుకు నొప్పి కూడా పెద్దగా ఉండదు, కింద పడుకున్నవాళ్లకు ఒక్కోసారి కాటు పడిందనే తెలియదు. పేరు తప్పితే వచ్చే ముప్పు వేరు: ‘అది ఉత్త ఇంటిపామేలే’ అని ఆసుపత్రికి పోకపోవడం.

కాబట్టి పాముల పేర్లు సేకరించే మిత్రులకు నా మనవి ఒకటే. పేరు పక్కన ఊరు రాయండి, పట్టీలు మెడ దగ్గర మొదలయ్యాయో నడుము దగ్గర తేలాయో చెప్పినవాళ్లను అడిగి అదీ రాయండి.