ఒక ఎకరం, ఇద్దరు రైతులు

(కౌలు సేద్యం, పంట రుణాలపై పరిశోధన చేసిన విద్యార్థిని మౌఖిక పరీక్ష ప్రారంభంలో పరీక్షకుల ముందు చేసిన ప్రసంగ పాఠం.)



సిద్ధాంత గ్రంథం అట్టమీద ఒక్క పేరే ఉంది. కానీ అందులోని మొదటి లెక్కల పుస్తకం అమ్మ రాసింది, పొలాల వెంట తిప్పింది నాన్న. అందుకని ఇక్కడ ‘మేము’ అనే మాట్లాడతాం. మాది బాపట్ల వైపు, కృష్ణా పశ్చిమ డెల్టా. సెంటు భూమి లేదు. అయిదెకరాలు కౌలుకు చేస్తాం. భూమిగలాయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తారు. మనిషి మంచివారే, సమస్య అక్కడ లేదు.

సమస్య ఎక్కడుందో 2023 ఖరీఫ్ లెక్కతో చెబుతాం. వేసింది సాంబ మసూరి. కౌలు ఎకరాకు 16 బస్తాలు, బస్తా 75 కిలోలు. మంచి కాలంలో మా చేలో 30 బస్తాలు పండుతాయి. ఆ ఏడు ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,650. కౌలు పోగా మిగిలే 14 బస్తాలకు 23,000 వస్తుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఎకరాకు 24,000. మా ఇంటి మనుషుల కూలి ఇందులో కలపలేదు. మరి ఎందుకు చేస్తున్నారని మా గైడు గారు మొదటి రోజే అడిగారు. మినుము కోసం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఆ తడిలోనే మినుములు చల్లుతాం. ఆ పంట మీద మా దగ్గర కౌలు లేదు. అంటే వరి భూమిగలాయనకు, మినుము మాకు.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి పడిపోయింది, చల్లిన మినుము నీళ్లలో కుళ్లింది. ఎకరాకు 11 బస్తాలు దక్కాయి. ఆయన కౌలు సగం తగ్గించారు. 8 బస్తాలు కొలిచాం. మూడు బస్తాలు మిగిలాయి. ఈ-క్రాప్‌లో పంట ఆయన పేరున ఉంది కాబట్టి నష్టపరిహారం మా ఖాతాకు రాలేదు.

ఇక అప్పు. బ్యాంకుకు వెళితే, ఆ సర్వే నంబరు మీద పంట రుణం ఇప్పటికే ఉందన్నారు. నిజమే, పాసు పుస్తకం పెట్టి ఆయన తీసుకున్నారు. ఒక ఎకరం మీద ఒకే పంటకు రెండు రుణాలు ఇవ్వలేమన్నది బ్యాంకు మాట. ఆ మాటలో తప్పు పట్టలేం. అయితే 7 శాతం వడ్డీ రుణం దున్నని చేతికి వెళ్లింది, దున్నే మేము వందకు నెలకు రెండు రూపాయల చొప్పున, అంటే ఏడాదికి 24 శాతానికి, ఎరువుల కొట్లో తెచ్చాం. బ్యాంకు రిజిస్టరు చూసినవారికి మాత్రం ఆ ఎకరానికి రుణం అందినట్టే కనిపిస్తుంది. మా పరిశోధన మొదలైంది ఇక్కడే.

చట్టాలు లేక కాదు. 2011 చట్టం కింద భూ యజమాని సంతకం లేకుండానే రెవెన్యూ అధికారులు విచారించి రుణ అర్హత కార్డు ఇవ్వగలిగేవారు. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం, దానిమీద యజమాని సంతకం అడిగింది. కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉన్నా, సంతకం పెడితే పొలం పోతుందన్న భయం పోలేదు. ఆయననూ అడిగాం. ‘మీరు కాదమ్మా, మీ తర్వాత వచ్చేవాళ్లు’ అన్నారు. పైగా కార్డు వచ్చినా పాత రుణం అదే సర్వే నంబరు మీద కూర్చుని ఉంటుంది. ఈ రెండో ముడి గురించి కార్డుల చర్చలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. మా గ్రంథంలో ఎక్కువ పేజీలు దానికే పోయాయి.

పద్ధతి సులువైనదే. ఒక సర్వే నంబరు తీసుకుని అడంగల్‌లో అనుభవదారు ఎవరు, ఈ-క్రాప్‌లో ఎవరు, రుణం ఎవరి పేరున ఉందో చూశాం. తర్వాత గట్టు మీదకు వెళ్లి నీళ్లు పెడుతున్న మనిషిని పేరడిగాం. కాగితాల మీది మూడు పేర్లూ ఒకటై, గట్టు మీది పేరు వేరైతే, అది మేము వెతికే ఎకరం.

లోపాలూ మేమే చెబుతాం. కౌళ్లన్నీ నోటి మాట మీదివే. మొదటిసారి అడిగితే చాలామంది ‘సొంత పొలమే’ అన్నారు; మూడోసారి వెళ్లినప్పుడు టీ ఇచ్చి అసలు సంగతి చెప్పారు. అయినా దాచినవారు ఉండే ఉంటారు. రెండోది, ఇది కాలువ కింది వరి లెక్క. డబ్బు రూపంలో ముందే కౌలు కట్టే మెట్ట పత్తి, మిర్చి పొలాలకు దీన్ని అలాగే వర్తింపజేయలేం.

పరీక్షకులు అనుమతిస్తే, బ్యాంకు రుణాల మీద ఉన్న మూడో అధ్యాయంతో మొదలుపెడతాం.