కొసైన్ సమీకరణంలో ఫేజ్ షిఫ్ట్ ఎక్కడ తప్పుతాం?

మే నెలలో హైటెక్ సిటీలో ఒక రోజు ఎండకి ఇలా ఒక మోడల్ రాశాం అనుకుందాం:

y = 6 cos(πt/12 − 5π/4) + 33

ఇక్కడ t అంటే అర్ధరాత్రి నుంచి గడిచిన గంటలు, y అంటే డిగ్రీల సెల్సియస్.

చివర్లో ఉన్న 33 మిడ్‌లైన్. ముందున్న 6 ఆంప్లిట్యూడ్. అంటే వేడి 27కీ 39కీ మధ్య ఊగుతుంది. 2πని t పక్కనున్న π/12తో భాగిస్తే పీరియడ్ 24 గంటలు.

ఇక ఫేజ్ షిఫ్ట్. చాలామంది 5π/4 అనేస్తారు. అది దాదాపు 3.9. మరి తెల్లవారుజామున నాలుగింటికి మండుటెండా? అక్కడే తప్పు దొరికిపోతుంది. ముందు π/12ని బయటికి తీయాలి:

cos(π/12 (t − 15))

గ్రాఫ్ కుడివైపుకి 15 జరిగింది. అంటే ఎండ పీక్ మధ్యాహ్నం 3కి.

ఒక్క మాట: ఈ మోడల్‌లో అతి తక్కువ వేడి తెల్లవారుజామున 3కే వస్తుంది. నిజంగా అయితే సాధారణంగా సూర్యోదయం దగ్గర్లో. కొసైన్ ఎక్కడానికీ దిగడానికీ సమానంగా 12 గంటలు తీసుకుంటుంది, ఎండ అలా తీసుకోదు.