ఇంకో జవాబు ఏది?

(శంకరంపేటలో గణిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)

మీలో చాలామంది సాయంత్రం ట్యూషన్‌ను ఫోన్‌లోకి తెచ్చారు. పదో తరగతి కోర్సు రికార్డు చేసి పెట్టారు. దాన్ని పరిచయం చేయడానికి యూట్యూబ్‌లో నిమిషం వీడియో కూడా వేశారు. పాఠం బాగుంది, చెప్పే సారు బాగా చెబుతారు, అయినా పిల్లలు రెండో సెకనులోనే వేలితో పైకి తోసేస్తున్నారని మీ బాధ. కాబట్టి ఈ పూట ఆ మొదటి మూడు సెకన్ల గురించి, థంబ్‌నెయిల్ మీద రాసే నాలుగు మాటల గురించి మాత్రమే మాట్లాడతాను.

ఒక లెక్క దగ్గర మొదలుపెడదాం. పదో తరగతి ఐదో అధ్యాయం, వర్గ సమీకరణాలు. x² = 5x సాధించమంటే పిల్లలు ఏం చేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అటొక x, ఇటొక x కొట్టేస్తారు. x = 5 అని రాసి, కింద రెండు గీతలు గీసి, తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. సున్నాతో భాగించకూడదని వాళ్లకు తెలుసు. కానీ కొట్టేయడమంటే భాగించడమేనని, ఆ x సున్నా కూడా కావచ్చని ఆ క్షణంలో తోచదు. x² − 5x = 0 అని ఒకవైపుకు తెచ్చి, x(x − 5) = 0 అని రాస్తే x = 0, x = 5 రెండూ వస్తాయి. జవాబు పత్రాలు దిద్దే మీకు ఇది పాత సంగతి. నా దృష్టిలో మీ ప్రకటనకు దీన్ని మించిన ముడిసరుకు లేదు.

ఇప్పుడు మామూలుగా తీసే వీడియో ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. ముందు ఇన్‌స్టిట్యూట్ లోగో సంగీతంతో తిరుగుతుంది. తర్వాత సారు వచ్చి నమస్కారం చెప్పి, తన పేరు, చదువు, ఎన్నేళ్ల అనుభవమో చెబుతారు. ఆపైన ‘ఈరోజు మనం వర్గ సమీకరణాలు అనే అధ్యాయం నుంచి ఒక ముఖ్యమైన లెక్క చూద్దాం’ అంటారు. లెక్క తెర మీదికి వచ్చేసరికి పది, పన్నెండు సెకన్లు గడిచిపోతాయి. తరగతి గదిలో ఇందులో తప్పేమీ లేదు, ఎందుకంటే అక్కడ పిల్లవాడు లేచి వెళ్లిపోడు. షార్ట్స్‌లో మాత్రం మీ వీడియో తనంతట తానే మొదలవుతుంది. పిల్లవాడు దాన్ని వెతుక్కుంటూ రాలేదు, ఉండాలా పోవాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకుంటాడు.

ఇక్కడ చాలామందికి స్పష్టంగా తెలియని సంగతి ఒకటుంది. షార్ట్స్ వరసలో వచ్చే వీడియోకు థంబ్‌నెయిల్ కనిపించదు. నేరుగా వీడియో నడుస్తుంది. థంబ్‌నెయిల్ పని చేసేది ఎవరైనా వెతికినప్పుడు, లేదా మీ ఛానల్ పేజీ తెరిచినప్పుడు. పైగా షార్ట్స్‌కు వీడియోలోని ఒక ఫ్రేమునే ఎంచుకోవాలి. మామూలు పొడుగు వీడియోకైతే 1280 × 720 కొలతలో బొమ్మ విడిగా తయారుచేసి పెట్టుకోవచ్చు. కాబట్టి షార్ట్స్‌లో మొదటి ఫ్రేమే మీ థంబ్‌నెయిల్. వీడియో మొదలయ్యేసరికే బోర్డు మీద x² = 5x రాసి ఉండాలి.

నేనైతే ఇలా తీస్తాను. మొదటి సెకనులో బోర్డు, దాని మీద సమీకరణం, పక్కన చాక్‌పీస్ పట్టుకున్న చెయ్యి. ముఖం కనబడకపోయినా ఫర్వాలేదు. ఆ చెయ్యి రెండు x లను టకటకా కొట్టేసి, x = 5 అని రాస్తుంది. గొంతు అదే సమయంలో ‘ఇటు x, అటు x కొట్టేశాం, జవాబు ఐదు’ అంటుంది. మూడో సెకనులో: ‘ఇంకో జవాబు ఏది?’ అంతే. మన తెలుగు మాటల వేగానికి మూడు సెకన్లలో పది మాటలకు మించి పట్టవు, అందుకే అక్కడ నమస్కారానికి కూడా చోటు లేదు. నమస్కారం చివర్లో పెట్టుకుందాం, మర్యాదకు లోటేమీ రాదు. బస్సులోనో, ఇంట్లో పెద్దవాళ్ల పక్కనో కూర్చుని మోత లేకుండా చూసేవాళ్లుంటారు కనుక ఆ ప్రశ్న తెర మీద అక్షరాల్లో కూడా పడాలి.

ఇలా తప్పుతో మొదలుపెట్టడం కేవలం ఆకర్షణ కోసమైతే నేను ఇంత పట్టుబట్టి చెప్పను. వెరిటాసియం ఛానల్ నడిపే డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసిన పీహెచ్‌డీ పరిశోధన సరిగ్గా దీని మీదే. భౌతికశాస్త్రం పాఠాన్ని ఒక వీడియోలో సూటిగా, తేటగా చెప్పించాడు. మరో వీడియోలో విద్యార్థులు సాధారణంగా పడే పొరపాటు అభిప్రాయాన్ని ముందు పలికించి, తర్వాత సరిదిద్దించాడు. తేటగా చెప్పిన వీడియో చూసినవాళ్లు చాలా సులభంగా అర్థమైందన్నారు, కానీ పరీక్ష పెడితే వాళ్ల మార్కులు పెద్దగా పెరగలేదు. పొరపాటు చూపిన వీడియో గందరగోళంగా ఉందన్నవాళ్లే మెరుగ్గా రాశారు. తమకు ముందే తెలుసనుకున్న పాఠాన్ని పిల్లలు సగం చెవితోనే వింటారు, తమ తప్పు కనబడితే ఆగుతారు. ఆయన పరీక్షించింది భౌతికశాస్త్రంలో, కొన్ని నిమిషాల వీడియోలతో. మన మూడు సెకన్లకు అది నిరూపణ కాదు. అయినా ఆపడానికీ నేర్పడానికీ ఒకే దారి పనికొస్తుందంటే గురువుకు అంతకన్నా ఏం కావాలి?

అయితే ఏ తప్పు చూపాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. (a + b)² = a² + b² అని పెద్ద అక్షరాలతో థంబ్‌నెయిల్ మీద రాశారనుకోండి. నొక్కకుండా చూసి దాటిపోయేవాళ్లే ఎక్కువ. వాళ్ల కళ్లలో తప్పు సూత్రం అచ్చుపడిపోతుంది. మన సమీకరణానికి ఆ ప్రమాదం లేదు. x = 5 అబద్ధం కాదు, సగం జవాబు. పక్కన ‘ఇంకో జవాబు ఏది?’ అని ఉంటే చూడకుండా వెళ్లినవాడికీ కొంచెం మేలే జరుగుతుంది. పూర్తిగా తప్పైన సూత్రాన్నే చూపాల్సి వస్తే, దాని మీద ఎర్రటి కొట్టివేత లేకుండా ఎప్పుడూ పెట్టకండి.

ఇక అక్షరాల సంగతి. ఇది తెలుగులో ప్రత్యేకమైన సమస్య, ఇంగ్లిషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. లాప్‌టాప్ తెర మీద మీరు చేసిన బొమ్మ ఫోన్‌లో బొటనవేలంత అవుతుంది. మన అక్షరం కింద ఒత్తులున్నాయి, పైన గుడులు, ఏత్వాలున్నాయి. ‘వర్గ సమీకరణాల్లో విద్యార్థులు చేసే ముఖ్యమైన తప్పు’ అని రాస్తే ఒత్తులన్నీ కలిసిపోయి నల్లటి మరకలా కనబడతాయి. ‘ఇంకో జవాబు ఏది?’ చూడండి, అందులో ఒక్క ఒత్తు కూడా లేదు. కావాలనే అలా ఎంచుకున్నాను. ఒత్తున్న మాట తప్పనిసరైతే వరసకూ వరసకూ మధ్య ఎడం పెంచండి. రామభద్ర వంటి మందపాటి ఖతి వాడండి, అది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు వస్తున్నాయని కొందరు అడుగుతుంటారు. పాత ఫోటోషాప్‌లోనైతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా లిపుల సెట్టింగు ఎంచుకుంటే, కొత్త ఫైలు నుంచి సరిగా వస్తుంది.

అధ్యాయం పేరు థంబ్‌నెయిల్ మీద వద్దే వద్దంటాను. ఇప్పుడు మన పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. బడిలో ‘క్వాడ్రాటిక్ ఈక్వేషన్స్’ అని చదివి, ఇంట్లో తెలుగులో ఆలోచించే పిల్లవాడికి రెండు పేర్లూ పూర్తిగా తనవి కావు. x² = 5x మాత్రం ఏ మీడియం వాడికైనా ఒకటే. అధ్యాయం పేరు రెండు భాషల్లోనూ వీడియో శీర్షికలో పెట్టండి, వెతికేవాళ్లకు అక్కడ దొరుకుతుంది.

చోటు కూడా చూసుకోవాలి. పొడుగు వీడియో థంబ్‌నెయిల్‌కు కుడివైపు కింది మూలలో వీడియో నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి, మీ ప్రశ్నార్థకం అక్కడుంటే మాయమవుతుంది. షార్ట్స్‌లో కుడి అంచున లైకు, కామెంటు గుర్తులు, కింద ఛానల్ పేరు, శీర్షిక పరుచుకుంటాయి. సమీకరణం మధ్యకు కాస్త పైన ఉంటే క్షేమం. బొమ్మ పూర్తయ్యాక మీ ఫోన్‌కే పంపుకుని, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. కళ్లు చిట్లించాల్సి వస్తే ఒక మాట తీసేయండి.

వీడియో వేశాక ఏది చెడిందో ఎలా తెలుస్తుంది? యూట్యూబ్ స్టూడియోలో షార్ట్స్‌కు ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అన్న నిష్పత్తి ఉంటుంది. తోసేసినవాళ్లే ఎక్కువైతే మొదటి ఫ్రేము చూసుకోవాలి. ఆగినవాళ్లు పదో సెకనులో పోతుంటే అక్కడ మీరేం మాట్లాడారో వినండి, నూటికి తొంభై పాళ్లు కోర్సు గురించి చెప్పడం మొదలుపెట్టి ఉంటారు. పొడుగు వీడియోలో థంబ్‌నెయిల్ నొక్కినవాళ్లు బాగానే ఉండి, ఎంతసేపు చూశారో చూపే గీత ముప్పై సెకన్లకే నిలువునా పడిపోతే, బొమ్మ మీద అడిగిన ప్రశ్న వీడియోలో ఇంకా రాలేదన్నమాట. చూడటానికి వచ్చినదాన్ని వెంటనే చూపించాలి. ఇవన్నీ ఇన్నూరు మంది చూసిన వీడియోలో తేలే సంగతులు కావు. అక్కడ నాలుగైదు శాతం తేడా గాలివాటం. అంకెల మీద మీకున్న గౌరవంతోనే చెబుతున్నాను, తక్కువ అంకెలను నమ్మి ప్రతివారం పద్ధతి మార్చకండి.

అంకెల మాటకొస్తే, కొందరు థంబ్‌నెయిల్ మీద ‘వందకు వంద గ్యారంటీ’ అని రాస్తున్నారు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలితానికి హామీ ఇవ్వకూడదు. లేని తొందర పుట్టించకూడదు. ఎంపికైన విద్యార్థి పేరు, ఫోటో వాడాలంటే ఫలితాలు వచ్చాక అతని రాతపూర్వక అనుమతి ఉండాలి, అతను చదివింది ఏ కోర్సో చెప్పాలి. ఆ మార్గదర్శకాలు లేకపోయినా నేను ఇదే చెబుతాను. పదో తరగతి పిల్లవాడి భయాన్ని మన అమ్మకానికి వాడుకోకూడదు.

చివరి ఎనిమిది సెకన్లు కోర్సుకు ఇవ్వండి. అప్పటికి x = 0 ఎందుకు పోయిందో పిల్లవాడికి తెలిసిపోయి ఉండాలి, జవాబు దాచిపెట్టి కోర్సు కొంటేనే చెబుతానంటే మళ్లీ మీ వీడియో దగ్గర ఆగడు. ‘ఇలాంటి లెక్కలు అధ్యాయానికి కొన్ని చొప్పున కోర్సులో చేశాం’ అంటే చాలు. రుసుము, సమయం, ఏ మీడియం, సందేహాలు ఎవరు తీరుస్తారు, ఇవి షార్ట్స్‌లో కుక్కవద్దు. చాలా ఇళ్లలో వీడియో చూసేది పిల్లవాడు, ఫోన్ నాన్నది, డబ్బు కట్టేది అమ్మానాన్నలు. వాళ్లకు x² తో పనిలేదు. వాళ్ల కోసం నాలుగైదు నిమిషాల వీడియో విడిగా తీసి, అందులో మీ ముఖం చూపించి, మొదటి మాటగా నమస్కారం చెప్పి, రెండో మాటగా ఎంత కట్టాలో, నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో చెప్పండి. దాని థంబ్‌నెయిల్ మీద మూడు ముక్కలు చాలు: పదో తరగతి, లెక్కలు, నెలకు ఎంతో ఆ అంకె.