తెరమీది గాంధీ, చరిత్రలోని గాంధీ

జీవితకథా చిత్రాన్ని చరిత్రగా నమ్మవచ్చా? 1982లో రిచర్డ్ అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ని పరీక్షించి చూద్దాం.

మొదట, సన్నివేశానికి రికార్డు ఉందా అని చూడాలి. జలియన్‌వాలాబాగ్ కాల్పులపై విచారణ జరుపుతున్న హంటర్ కమిటీ ముందు జనరల్ డయ్యర్ జవాబులు చెప్పే ఘట్టం సినిమాలో ఉంది. దారి వెడల్పుగా ఉండి ఉంటే మరతుపాకుల బండ్లను లోపలికి తీసుకెళ్లేవాడినని ఆయన నిజంగానే ఒప్పుకున్నాడు. ఇక్కడ సినిమా రికార్డుకు దగ్గరగా నడిచింది.

తరవాత, పాత్రలు నిజమైనవేనా? 1930లో ధరాసన ఉప్పు కొఠార్ల దగ్గర సత్యాగ్రహులు లాఠీదెబ్బలకు కూలిపోవడాన్ని లోకానికి తెలిపింది అమెరికన్ విలేఖరి వెబ్ మిల్లర్. సినిమాలో ఆ పని చేసే వాకర్ కల్పిత పాత్ర. దక్షిణాఫ్రికాలోనూ గాంధీని కలిసేది అతనే. కాబట్టి దెబ్బలు నిజం, ఆ మనిషి నిజం కాదు.

అన్నిటికన్నా కష్టమైనది మూడో పరీక్ష: ఏం వదిలేశారు? 1932లో దళితుల ప్రత్యేక నియోజకవర్గాలపై గాంధీ నిరాహారదీక్ష, అంబేద్కర్‌తో పూనా ఒప్పందం జరిగాయి. ఈ సినిమాలో అంబేద్కరే కనిపించడు. చూపినదాన్ని ఎంత సరిచూసినా ఈ లోటు బయటపడదు. ఆ కాలం గురించి ఒక పుస్తకమైనా చదివితేనే తెలుస్తుంది.

అందుకే ఇలాంటి చిత్రాన్ని చరిత్రకు సాక్ష్యంగా తీసుకోకూడదు. ఏ సంఘటన గురించి వెతకాలో తెలుసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.