టేబుల్ వేసి చూద్దాం: లిమిట్ అంటే అసలు ఏమిటి?

ఈ ఎపిసోడ్‌లో ప్రధానంగా ఒకే ఒక్క లెక్క చేద్దాం. ఇంటర్‌లో అవధులు అని ఒక చాప్టర్ ఉంటుంది కదా, లిమిట్స్ అంటాం, అందులో కనిపించే రకం లెక్కే ఇది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి. నేను చెప్తుంటే మీరూ నొక్కి చూడండి.

లెక్క ఇది:

(√(x + 9) − 3) / x

అంటే xకి 9 కలపాలి, వర్గమూలం తీయాలి, అందులోంచి 3 తీసేయాలి, మిగిలినదాన్ని xతో భాగించాలి. x సున్నాకి దగ్గరవుతూ ఉంటే ఈ విలువ దేనికి దగ్గరవుతుంది? ఇదీ ప్రశ్న.

ముందు నేరుగా x = 0 పెట్టి చూద్దాం. 9కి వర్గమూలం 3. మూడులోంచి మూడు పోతే సున్నా. కింద కూడా సున్నా. అంటే 0/0. క్యాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. ఇక్కడ కొందరు జవాబు సున్నా అంటారు, కొందరు పైనా కిందా ఒకటే కాబట్టి 1 అంటారు. రెండూ కాదు. ఎందుకో చూడండి. 6/2 = 3 అని ఎందుకంటాం? 2ని 3తో గుణిస్తే 6 వస్తుంది కాబట్టి. మరి 0/0 ఎంత? సున్నాని దేనితో గుణిస్తే సున్నా వస్తుంది? 5తో గుణించినా వస్తుంది, 100తో గుణించినా వస్తుంది. ఏ సంఖ్యనీ ఇదే జవాబు అని తేల్చలేం. అంటే సరిగ్గా సున్నా దగ్గర ఈ లెక్క ఏమీ చెప్పదు. కానీ సున్నా పక్కన ఉన్న ప్రతి చోటా ఒక ఖచ్చితమైన విలువ చెప్తుంది. ఆ పక్కనున్న విలువల్నే అడుగుదాం.

కుడివైపు నుంచి వద్దాం. అంటే x పాజిటివ్.

x = 1 అయితే 0.16228
x = 0.1 అయితే 0.16621
x = 0.01 అయితే 0.16662
x = 0.001 అయితే 0.16666

ఇప్పుడు ఎడమవైపు నుంచి, x నెగటివ్.

x = −1 అయితే 0.17157
x = −0.1 అయితే 0.16713
x = −0.01 అయితే 0.16671
x = −0.001 అయితే 0.16667

ఒకవైపు విలువలు కింద నుంచి పైకి వస్తున్నాయి, ఇంకోవైపు పై నుంచి కిందికి దిగుతున్నాయి. రెండూ 0.1666... దగ్గర కలుస్తున్నట్టున్నాయి. అంటే 1/6. రెండు వైపులా ఎందుకు చూడాలి అంటారా? |x|/x తీసుకోండి. కుడివైపు ఎప్పుడూ 1, ఎడమవైపు ఎప్పుడూ −1. ఒక్కవైపే టేబుల్ వేస్తే లిమిట్ 1 అని రాసేస్తాం. నిజానికి సున్నా దగ్గర దానికి లిమిట్ లేదు.

సరే, మన లెక్కకి వద్దాం. దగ్గరవుతోంది అన్న మాటకి అసలు అర్థం ఏమిటి? దీన్ని ఒక పందెంలా అనుకోండి. మీ ఫ్రెండ్ అంటాడు, "ఒరేయ్, విలువకీ 1/6కీ తేడా 0.001 కంటే తక్కువ ఉండాలి, చేయగలవా?" మీరు అంటారు, "xని −0.1కీ 0.1కీ మధ్యలో ఉంచు, సున్నా ఒక్కటి పెట్టకు, చాలు." టేబుల్ చూడండి, ఆ రెండు చివర్ల దగ్గరే తేడా 0.0005 కంటే తక్కువ. మధ్యలో ఇంకా తక్కువ. వాడు ఊరుకోడు, "అయితే 0.0001 లోపల ఉండాలి" అంటాడు. మీరు x పరిధిని 0.01కి తగ్గిస్తారు. వాడు ఎంత చిన్న తేడా అడిగినా, మీరు సున్నా చుట్టూ ఒక పరిధి చూపించగలగాలి. ఆ పరిధిలో సున్నా తప్ప ప్రతి xకీ పందెం మీరే గెలవాలి. అలా గెలవగలిగితే 1/6ని లిమిట్ అంటాం.

ఇందులో 'ప్రతి x' అన్న మాటని గట్టిగా పట్టుకోండి. టేబుల్ మోసం చేసేది అక్కడే. ఉదాహరణకి sin(180°/x) తీసుకోండి. క్యాలిక్యులేటర్‌ని డిగ్రీల్లో పెట్టండి. x = 0.1 అయితే sin 1800°, అంటే 0. x = 0.01 అయినా 0. 0.001 అయినా 0. ఎడమవైపు కూడా అంతే. టేబుల్ నిండా సున్నాలే. లిమిట్ సున్నా అనిపిస్తుంది కదా? ఇప్పుడు x = 2/41 పెట్టండి. sin 3690°, అంటే 1. 2/401 పెట్టినా 1, 2/4001 పెట్టినా 1. సున్నాకి ఎంత దగ్గరికి వెళ్లినా 0 వచ్చే చోట్లూ ఉంటాయి, 1 వచ్చే చోట్లూ ఉంటాయి. కాబట్టి దీనికి లిమిట్ లేదు. మనం ఎంచుకున్న 0.1, 0.01, 0.001 అన్నీ అనుకోకుండా సున్నా వచ్చే చోట్లే పడ్డాయి. అందుకే టేబుల్‌లో 0.07, 0.003 లాంటి అడ్డదిడ్డం సంఖ్యలు కూడా కొన్ని వేయండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మరీ దగ్గరికి వెళ్తే ఇంకా మంచి జవాబు వస్తుందనుకుంటాం. మన మొదటి లెక్కలోనే వర్గమూలాన్ని 8 దశాంశాల వరకే రాసుకుని చేయండి. x = 0.000001 అయితే వర్గమూలం 3.00000017, జవాబు 0.17. x = 0.0000001 అయితే వర్గమూలం 3.00000002, జవాబు 0.2. ఇంకో అడుగు వేసి x = 0.00000001 పెడితే వర్గమూలం 3.00000000, జవాబు 0! లిమిట్ మారిపోలేదు. దాదాపు సమానమైన రెండు సంఖ్యల్ని తీసివేస్తే, మనకి కావాల్సిన అంకెలన్నీ రౌండింగ్‌లో కొట్టుకుపోయాయి. గుర్తు ఏమిటంటే, కాసేపు నిలకడగా ఉన్న విలువలు ఉన్నట్టుండి గెంతడం మొదలుపెడతాయి. అలా కనిపిస్తే ఆ వరసలు వదిలేసి, వాటి ముందున్న నిలకడైన వరసల్నే చూడండి.

అంటే టేబుల్ మనకి ఇచ్చేది అనుమానం. దాన్ని రుజువు చేయడానికి ఆల్జీబ్రా కావాలి. పైనా కిందా √(x + 9) + 3తో గుణించండి. పైన (x + 9) − 9, అంటే x మిగులుతుంది. x సున్నా కాదు కాబట్టి కింద ఉన్న xతో కొట్టేయొచ్చు. చివరికి మిగిలేది:

1 / (√(x + 9) + 3)

ఇప్పుడు x సున్నాకి దగ్గరైతే కింద 3 + 3, అంటే 6కి దగ్గరవుతుంది. జవాబు 1/6. టేబుల్ చెప్పిందే. ఇంకో సంగతి కూడా తేలింది. x పెరిగితే హారం పెరుగుతుంది, విలువ తగ్గుతుంది. అందుకే కుడివైపు విలువలన్నీ 1/6 కంటే కొంచెం తక్కువ, ఎడమవైపువి కొంచెం ఎక్కువ వచ్చాయి.

ఇప్పుడు మీ వంతు. (√(x + 16) − 4) / x తీసుకోండి. ముందు రెండు వైపులా టేబుల్ వేసి జవాబు ఊహించండి, తర్వాత ఆల్జీబ్రాతో సరిచూసుకోండి. రెండూ కలవకపోతే టేబుల్‌లో ఏ వరస దగ్గర గెంతిందో వెతకండి. వచ్చిన జవాబు కామెంట్‌లో పెట్టండి. ఉంటాను మరి.