సాగిన గుండె కోలుకున్నదని ఎప్పుడనాలి?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం నడిపే ఉచిత వైద్య శిబిరంలో కూర్చునే వైద్యులం మేము. ఈసారి లెక్కల పుస్తకంలో మూసేసిన ఒక కేసు గురించి మీకు చెప్పదలిచాం.

పెద్దాపురంలోనే ఒక తల్లి. రెండో కాన్పు అయిన మూడో వారంలో రాత్రిళ్లు వెల్లకిలా పడుకోలేక, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునేది. కాళ్లు వాచాయి, పొడిదగ్గు పట్టుకుంది. బాలింత నీరసమనుకుని ఇంట్లో వారం రోజులు చూశారు. శిబిరానికి వచ్చాక కాకినాడకు పంపి ఎకో తీయించాం. డైలేటెడ్ కార్డియోమయోపతి అని తేలింది. అంటే గుండె కండరం బలం తగ్గి, ఎడమవైపు కింది గది సాగిపోవడం.

దీనికి కారణాలు అనేకం. ఏళ్ల తరబడి అతిగా మద్యం తాగడం ఒకటి. పూర్తిగా మానేస్తే అలాంటివారిలో చాలామందికి గుండె కొంతైనా కోలుకుంటుంది. వైరస్ జ్వరం తర్వాత కండరం వాచడం ఇంకొకటి. కొన్ని కుటుంబాల్లో వంశంలోనే ఉంటుంది. ఈ తల్లికి వచ్చినది కాన్పు తాలూకుది. నెలలు నిండే చివరి రోజుల నుంచి కాన్పు తర్వాత అయిదు నెలల లోపు, వేరే కారణమేదీ కనిపించకుండా వస్తుంది.

గుండె పనిని కొలిచే అంకెను ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. రిపోర్టులో ఈఎఫ్ అని ఉంటుంది. నిండిన గదిలోని రక్తంలో ఒక్క దెబ్బకు నూటికి ఎంత బయటకు పోతుందన్నదే ఆ అంకె. ఆరోగ్యవంతుల గదిలో 100 మిల్లీలీటర్లు నిండితే సుమారు 60 బయటకు పోతాయి. ఈఎఫ్ 60 అన్నమాట. ఈమె గదిలో 180 నిండుతున్నాయి, 54 బయటకు పోతున్నాయి. ఈఎఫ్ 30. గమనించండి, బయటకు పోయే రక్తంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా లోపల మిగిలిపోయిన 126 మిల్లీలీటర్లలో ఉంది. ఆ నిల్వ ఒత్తిడే ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తన్ని ఆయాసం తెస్తుంది. ఒంట్లో నీరు తగ్గించే మాత్రతో ఆయాసం కొద్ది రోజుల్లో తగ్గవచ్చు. గది మాత్రం అంత త్వరగా చిన్నదవదు. అందుకే ఆయాసం పోయినంత మాత్రాన గుండె బాగుపడిందనుకోకూడదు.

మందులు మొదలుపెట్టి మెల్లగా మోతాదు పెంచాం. మూడు నెలలకు ఈఎఫ్ 35 వచ్చింది. ఇంట్లోవాళ్లు సంతోషించారు, మేము ఆగమన్నాం. ఎకోలో అయిదారు పాయింట్ల తేడా చూసేవారి చేతిని బట్టి కూడా వస్తుంది. అయితే గది వెడల్పు కూడా 6.1 నుంచి 5.7 సెంటీమీటర్లకు తగ్గింది. అంకె పెరగడం, గది తగ్గడం రెండూ కలిసినప్పుడే నమ్మకం. ఆరో నెలలో గదిలో 120 నిండి 60 బయటకు పోయాయి. ఈఎఫ్ 50, వెడల్పు 5.1. కోలుకున్నట్టే అన్నాం.

తప్పు అక్కడే జరిగింది. కోలుకుందన్న మాట విని మన సంఘం మందుల సాయం ఆపింది. మేమూ పట్టుబట్టలేదు. ఆమె కూడా కులాసాగానే ఉంది కనుక మాత్రలు మానేసింది. నాలుగు నెలలకు మెట్లెక్కితే ఆయాసం. ఎకోలో ఈఎఫ్ 40, గది మళ్లీ 5.5. మందులు తిరిగి మొదలుపెట్టాం.

ఇది ఈమె ఒక్కరి సంగతి కాదు. డైలేటెడ్ కార్డియోమయోపతి నుంచి కోలుకున్నవారితో లండన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. వైద్యుల కనుసన్నల్లోనే మందులు మెల్లగా ఆపిన 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించిన 26 మందిలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. అందువల్ల ఈ అంకె బాగుండటం అంటే చాలామందికి మందుల సాయంతో నిలకడగా ఉండటమే. కాన్పు వల్ల వచ్చినవారిలో, పూర్తిగా కోలుకుని ఏడాదికి పైగా నిలిచాక మందులు ఒక్కొక్కటే తగ్గించి చూడవచ్చు. అదీ మధ్యమధ్య ఎకో తీస్తూ. మరో గర్భం మాట అంతకన్నా జాగ్రత్తగా చూడాలి. ఈఎఫ్ 50కి చేరనివారు వద్దనుకోవడమే క్షేమం. చేరినవారికీ ప్రమాదం కొంత మిగిలే ఉంటుంది. పైగా ఈ మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. కనుక గర్భం అనుకోకముందే వైద్యుణ్ని అడగాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. ఇలాంటి కేసులో సాయాన్ని ఆసుపత్రి బిల్లుతో ముగించకండి. నెలనెలా మాత్రలకు, మూడో నెల, ఆరో నెల, ఆ తర్వాత ఏడాదికొక ఎకోకు డబ్బు ముందే పక్కన పెట్టండి. ఫైలు మూసేముందు రిపోర్టులో ఈఎఫ్ ఒక్కటే కాక గది వెడల్పు కూడా చూడమని, మందులు ఆగలేదు కదా అని మమ్మల్ని అడగండి. ఆ తల్లి ఈఎఫ్ ఇప్పుడు 48. మాత్రలు ఆగకుండా అందుతున్నాయి.