రెండు ద్వారాలు, రెండు తాళపుచెవులు
(కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఇళ్ళలో డిగ్రీ ముగించిన బిడ్డను గురించి సాగే చర్చ ఒక్కటే: సర్కారు పరీక్షకు కూర్చోవాలా, కంపెనీకి వెళ్ళాలా? రెండింటికీ ఒకే విధంగా చదివితే చాలునన్న భావన మనలో బలంగా ఉన్నది. అది సరికాదని నా అభిప్రాయం.

తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి గ్రూప్ 4 పరీక్షను తీసుకొందాం. ఇందులో ఇంటర్వ్యూ లేదు. మూడు గంటలలో 200 ప్రశ్నలు, 300 మార్కులు. మొదటి భాగం తమిళం, 100 ప్రశ్నలు, 150 మార్కులు. అందులో 40 శాతం, అనగా 60 మార్కులు రానివారి రెండవ భాగాన్ని దిద్దనే దిద్దరు. ఒక అమ్మాయి తమిళంలో 38 ప్రశ్నలకే సరైన జవాబు వ్రాసినదనుకొందాం. వచ్చినవి 57 మార్కులు. రెండవ భాగంలో 85 ప్రశ్నలు సరిగా వ్రాసినా ఆ శ్రమ అంతా వ్యర్థమే. అలాగని 60 తోనే తృప్తిపడరాదు. తమిళపు మార్కులు కూడా ర్యాంకులో కలుస్తాయి. సరైన జవాబులు 75 నుండి 90కి పెరిగితే 22.5 మార్కులు అదనం. కనుక ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ ముందుగా పట్టవలసినది ఆరు నుండి పది వరకు గల తమిళ పాఠ్యపుస్తకాలను. మాట్లాడే తమిళం వేరు, వ్యాకరణం వేరు.

తమిళ మాధ్యమంలో చదివినవారికి 20 శాతం ప్రాధాన్యం 2010 చట్టంతో వచ్చినది. అందుకు మాతృభాష ఏదని అడగరు, బోధనా మాధ్యమం ఏదని అడుగుతారు. కాని 2020 సవరణ తరువాత పదవ తరగతి అర్హత గల ఉద్యోగానికి ఒకటవ తరగతి నుండే తమిళ మాధ్యమంలో చదివి ఉండాలి. కొన్నేళ్ళు కాన్వెంటులో ఇంగ్లీషు మాధ్యమంలో చదివితే ఆ అవకాశం పోయినట్లే. ధ్రువపత్రాలను చదివిన ప్రతి పాఠశాలనుండి ముందే సంపాదించుకోండి. ప్రకటన వెలువడిన తరువాత పరుగెత్తడం కష్టం.

కంపెనీల ఎంపికకు ఇటువంటి నిర్ణీత పాఠ్యక్రమం లేదు. కళాశాలకు వచ్చే సంస్థలు సాధారణంగా మొదట గణితం, తర్కం, ఇంగ్లీషులలో పరీక్ష పెడతాయి. పిదప సాంకేతిక ఇంటర్వ్యూ. అక్కడ తడబడేది ఎక్కువగా బయోడేటాలో తామే వ్రాసుకొన్న విషయం దగ్గరే. "ఈ ప్రాజెక్టులో నీవు చేసిన భాగమేది? ఎందుకు ఆ విధంగా చేశావు?" అని అడిగితే, నలుగురు కలిసి చేసిన పనిలో తన పాలు చెప్పలేని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. జవాబులను బట్టీపట్టి లాభం లేదు; ఇంట్లో ఒకరిని ఎదుట కూర్చోబెట్టుకొని పది నిమిషాలు ఇంగ్లీషులో వివరించడం అలవాటు చేసుకోవాలి. వినేవారికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఆగిన చోటు వారికి తెలుస్తుంది!

రెండింటికీ పనికివచ్చేది శాతాలు, నిష్పత్తి, వడ్డీ, కాలము-పని లెక్కలు. గ్రూప్ 4లో ఇటువంటి లెక్కలు, తర్కం కలిపి 25 ప్రశ్నలు. చివరి సంవత్సరంలో ఉన్నవారు ఉదయం ఆ లెక్కలు, సాయంత్రం ప్రాజెక్టు వివరణ, సెలవు దినాలలో తమిళం చూచుకొంటే రెండు ద్వారాలూ తెరచి ఉంటాయి. కాలేజీ ముగిసిన తరువాత మాత్రం ఒకదానిని ప్రధానంగా ఎంచుకోక తప్పదు, ఎందుకంటే కాలేజీకి వచ్చే కంపెనీలు ఇంటికి రావు.